చల్లటి రోజుల్లో వచ్చే పొగ

ఆ వాసన మొదటిసారి వచ్చిన రోజు ఆఫీసులో నాతో కలిపి ఐదుగురం ఉన్నాం. అక్టోబరు చివరి వారం, మంగళవారం, ఉదయం పదిన్నర దాటింది. నా సీటు కిటికీలకు దూరంగా, హాలు మధ్యలో ఉంటుంది. సీటుకి సరిగ్గా పైన సీలింగులో గాలి వచ్చే జాలీ ఒకటి ఉంది. అందులోంచి సిగరెట్ పొగ వాసన దిగింది. దిగింది అనడమే సరి. ఎవరో నా వెనక నిలబడి వంగి, నా తల మీద నెమ్మదిగా ఊదినట్టు వచ్చింది.

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. వరసగా ఖాళీ క్యూబికిళ్లు, వాటి మీద పేర్ల పలకలు తీసేసిన గాట్లు.

మా కంపెనీ అమెరికాలో ఆష్‌బర్న్ అనే ఊళ్లో ఒక రెండంతస్తుల ఇటుక భవనంలో కింది అంతస్తు మొత్తం అద్దెకు తీసుకుంది. పై అంతస్తు నేను చేరకముందు నుంచే ఖాళీ. అద్దెకు ఇవ్వబడును అన్న బోర్డు ఎండకి వెలిసిపోయి కిటికీ అద్దానికి అతుక్కుని ఉంటుంది. మా వాళ్లలో చాలామంది వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకి వస్తారు, అదీ అందరూ ఒకే రోజున రారు. లైట్లు మనిషి కదలికని బట్టి వెలుగుతాయి. నేను కదలకుండా పనిచేస్తాను. అందుకని గంటకి రెండుసార్లయినా నా చుట్టూ ఉన్న లైట్లు, ఇక్కడెవరూ లేరని తేల్చుకుని ఆరిపోతాయి. అప్పుడు చెయ్యెత్తి ఊపాలి. ఖాళీ హాల్లో ఒక్కదాన్నే చెయ్యి ఊపుతుంటే ఎవరినో పిలుస్తున్నట్టు ఉండేది.

నాకు ఏడో ఏట నుంచి ఉబ్బసం. పొగ తగిలితే మొదట గొంతులో చిన్న దురద, తర్వాత ఛాతీ మీద ఎవరో మోచెయ్యి ఆనించినట్టు బరువు, ఆ తర్వాత పిల్లికూత. ఆ రోజు దురద దగ్గరే ఆగింది. పది నిమిషాల్లో వాసన పోయింది. కిటికీ దగ్గర కూర్చునే అమెరికన్ ఆవిడని అడిగాను, సిగరెట్ వాసన ఏమైనా వచ్చిందా అని. ఆవిడ ముక్కు ఎగరేసి పీల్చి, 'లేదే, కాఫీ వాసనేమో' అంది.

మర్నాడు కూడా పదీ నలభైకి వచ్చింది. తర్వాత నాలుగు రోజులు లేదు. మళ్లీ వరసగా మూడు రోజులు, అదే వేళకి. భవనం లోపల ఎవరూ కాల్చరు, కాల్చకూడదు. కాల్చేవాళ్లకి పార్కింగ్ లాట్ చివర, అందరి కార్లకీ ఎదురుగా, గాజు పలకల షెల్టర్ ఒకటి కట్టారు. అది నా సీటుకి ఫుట్‌బాల్ మైదానమంత దూరం. వాసన మాత్రం నా తల పైనుంచి, అంటే ఎవరూ లేని ఆ పై అంతస్తు వైపు నుంచి వచ్చేది.

నేనొక రోజు లంచ్‌లో మెట్లెక్కి పైకి వెళ్లి చూశాను. తలుపుకి తాళం ఉంది. సన్నటి గాజు ముక్కలోంచి చూస్తే నేల మీద కార్పెట్ పీకేసిన జిగురు మరకలు, గోడకి ఆనించిన ఒకే ఒక కుర్చీ. ఆ కుర్చీ తలుపు వైపుకి తిరిగి ఉంది. అక్కడే నిలబడి ముక్కుతో పీల్చాను. దుమ్ము వాసన తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రం డైరీలో అంతా రాసుకున్నాను. ఎనిమిదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. ఎవరికీ చూపించను. చదివే పుస్తకాలు కూడా అంతే, లంచ్ బ్యాగులో డబ్బా కింద పెట్టుకుని తెచ్చుకుంటాను. డైరీలో ప్రతి పేజీ ఆ రోజు వాతావరణంతో మొదలవుతుంది. నా గురించి నేరుగా మొదలుపెట్టడం సిగ్గు. అందుకని ముందు ఆకాశం గురించి, చలి గురించి రాసి, ఆ వెనక నడుస్తూ నా దగ్గరికి వస్తాను. ఫోన్ చూపించిన ఉష్ణోగ్రత కూడా రాస్తాను. ఆ అలవాటు ఎందుకైనా పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

నవంబరు మొదట్లో స్టేప్లర్ కోసం నా డెస్క్ కింది సొరుగు పూర్తిగా బయటికి లాగితే, వెనక ఇరుక్కుని రెండు వస్తువులు దొరికాయి. ఒకటి నీలం రంగు ఇన్‌హేలర్, గడువు తీరిపోయింది. నేను వాడే మందే. రెండోది అరచేతి అంత క్యాలెండర్, కిందటి శీతాకాలానిది. అందులో కొన్ని తేదీల మీద పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తులు. రెండు రోజులు, ఖాళీ, మూడు రోజులు, ఖాళీ. ఫిబ్రవరి మధ్యలో ఆగిపోయాయి.

నేను నా డైరీ తెరిచి నా తేదీల వరస చూసుకున్నాను. రెండు రోజులు, ఖాళీ, మూడు రోజులు, ఖాళీ. చుట్టూ లైట్లు ఆరిపోయాయి. చాలాసేపు చెయ్యెత్తలేదు.

నాకన్నా ముందు ఆ సీటులో ఎవరు కూర్చునేవారని అడిగితే, కిటికీ దగ్గరావిడకి గుర్తు రాలేదు. 'ఎవరో కాంట్రాక్టర్. నెమ్మదిగా ఉండే అమ్మాయి. ఉన్నట్టుండి మానేసింది' అంది. నా గురించి కూడా రేపు ఇంతకన్నా ఎక్కువ చెప్పదనిపించింది.

నాకు కారు లేదు. మా టీములోనే పనిచేసే ఒక సీనియర్ నన్ను రోజూ ఎక్కించుకునేవారు. గుంటూరు వైపు ఆయన, నలభై ఏళ్లుంటాయి. అన్నా అని పిలిచేదాన్ని. వాళ్లావిడ, అంటే నాకు వదిన, శుక్రవారాలు పప్పుచారో వంకాయ కూరో డబ్బాలో పెట్టి ఆయన చేత పంపేది. వాళ్లకి ఆరేళ్ల పాప. కారు ఎక్కగానే అన్న గేర్ పక్కనున్న చిన్న స్టీలు డబ్బా తీసి, అరచేతిలో సోంపు పోసేవారు. గులాబీ, ఆకుపచ్చ, తెలుపు రంగుల చక్కెర పూత సోంపు. ఆయన నోట్లో అది లేని క్షణం నేను చూడలేదు.

ఇన్‌హేలర్ దొరికిన రోజు ఆయనతో చెప్పాను.

"పొగా? మన హాల్లోనా? ఛాన్సే లేదమ్మా" అన్నారు. సిగ్నల్ పచ్చబడినా కారు ఒక క్షణం కదల్లేదు. వెనక వాళ్లు హారన్ కొట్టారు. "నీకు నవలలు ఎక్కువయ్యి ఇలాంటివి అనిపిస్తున్నాయి. దెయ్యాలు సిగరెట్ కాలుస్తాయా?"

"నేను దెయ్యం అనలేదన్నా. మేనేజర్‌కి లెటర్ రాద్దామనుకుంటున్నాను."

"నోటితో చెప్పు, రాయకు. ఇంకా స్టూడెంట్ వీసాలో ఓపీటీ మీదే ఉన్నావు. మార్చిలో నీ ఉద్యోగం వీసా, హెచ్‌వన్ వేస్తారు. ఈ టైమ్‌లో హెల్త్ ఇష్యూ అని పేపర్ మీద పెడితే రేపు ఎవడైనా దాన్ని ఎలా చదువుతాడో."

నాకు నోటితో చెప్పడం రాదు. మేనేజర్ గది తలుపు దాకా వెళ్లి, ప్రింటర్ వైపు తిరిగి వచ్చిన రోజులు డైరీలో ఐదు ఉన్నాయి. చివరికి లెటరే రాసి, పంపేముందు అన్నకి చూపించాను. ఆయన ఫోన్‌లో చదివి, 'నేను పనిచేసే చోట పొగ లేకుండా చూడవలసిందిగా కోరుతున్నాను' అన్న వాక్యం తీసేయమన్నారు. "ఇది డిమాండ్ లాగా ఉంది. ఆయన పెద్దమనిషి, విషయం చెప్తే తనే అర్థం చేసుకుంటాడు." నాకూ అది సబబుగానే తోచింది. బళ్లో నేర్చుకున్న లీవ్ లెటర్ నమూనా మన చేతుల్లో ఉండిపోతుంది. ఉబ్బసంతో బాధపడుతున్నాననీ, పొగ వల్ల ఇబ్బంది కలుగుతోందనీ, దయచేసి పెద్ద మనసుతో పరిశీలించమనీ రాసి పంపాను.

అరగంటలో జవాబొచ్చింది. 'చెప్పినందుకు థాంక్స్. పాపం, తొందరగా కోలుకో. రేపూ ఎల్లుండీ సిక్ లీవ్ తీసుకో, నేను అప్రూవ్ చేశాను.'

రెండు రోజులు ఇంట్లో కూర్చున్నాను. శుభ్రంగా ఊపిరి ఆడింది. మూడో రోజు వెళ్లేసరికి మేనేజర్ కారిడార్‌లో కనబడి, 'తగ్గిందా?' అని ఆప్యాయంగా అడిగారు. తగ్గిందన్నాను. ఏం చెయ్యను, నా లెటర్‌లో అడిగినదేదీ లేదు. జబ్బు ఉందని రాశాను, ఏం కావాలో రాయలేదు. ఆయన దృష్టిలో అది జ్వరంతో సమానం.

పదీ నలభైకి జాలీలోంచి పొగ దిగింది. ఈసారి మోచెయ్యి దగ్గర ఆగలేదు. పిల్లికూత మొదలై, బాత్‌రూమ్‌కి వెళ్లి గోడకి ఆనుకుని ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చాను. నా బ్యాగులో పీక్‌ఫ్లో మీటర్ ఉంటుంది, గొట్టంలోకి బలంగా ఊదితే ఊపిరి జోరు ఎంతో ముల్లు చూపిస్తుంది. మామూలుగా మూడు వందల ఎనభై దాకా వెళ్లే ముల్లు రెండు వందల అరవై దగ్గర ఆగింది. నేను కదలకపోవడంతో బాత్‌రూమ్ లైటు ఆరిపోయింది. ఆ చీకట్లో వినిపిస్తున్న కూత నాదేనా, పక్క గదిలో ఇంకెవరిదోనా అని ఒక్క క్షణం నిజంగా సందేహం కలిగింది. ఆ క్యాలెండర్ అమ్మాయి కూడా ఇక్కడే నిలబడి ఉంటుంది. ఫిబ్రవరిలో ఆగిపోయిన ఇంటూ గుర్తులు గుర్తొచ్చాయి. నేను కూడా ఏమీ అడగకుండా వెళ్లిపోతే, వచ్చే ఏడాది ఇదే సొరుగులో రెండు ఇన్‌హేలర్లు ఉంటాయి.

ఆ మధ్యాహ్నం రెండో లెటర్ రాశాను. ఎవరికీ చూపించలేదు. మొదటి వాక్యంలోనే అడిగాను. నాకు ఉబ్బసం ఉంది, పొగ లేని చోట పనిచేసేలా సర్దుబాటు కావాలి. ఆ తర్వాత పొగ వచ్చిన తేదీలు, వేళలు, మీటర్ అంకెలు. డైరీ ముందు పెట్టుకుని ఎక్కిస్తుంటే, ఒక్కో పేజీ పైనా నేను రాసుకున్న వాతావరణం కళ్లబడింది. పొగ వచ్చిన రోజుల్లో, ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో, నలభై ఎనిమిది, యాభై రెండు, నలభై తొమ్మిది. రాని రోజుల్లో అరవై ఎనిమిది, డెబ్భై. ఒక్కటీ తప్పలేదు. చల్లగా ఉన్న రోజునే వస్తోంది. అర్థం తెలియకపోయినా భయం వేసింది. చలి చూసుకుని వచ్చేది ఏమిటి? చివరి వరసలో ఉష్ణోగ్రతలు కూడా చేర్చి, మేనేజర్‌కీ హెచ్‌ఆర్‌కీ కలిపి పంపాను.

ఈసారి ఎవరూ తొందరగా కోలుకోమనలేదు. మర్నాడు హెచ్‌ఆర్ ఆవిడ వీడియో కాల్ పెట్టింది. కంపెనీ చిన్నది, హెచ్‌ఆర్ అంటే ఆవిడొక్కతే. ముందుగా, నువ్వు ఇది రాయడం మంచిపని అంది. మా డాక్టర్ నింపాల్సిన ఒక ఫారం పంపుతానంది. జబ్బు చరిత్రంతా అక్కర్లేదు, ఏది పడదో, ఏం సర్దుబాటు కావాలో రాస్తే చాలంది. ఆ కాగితం నా మామూలు ఫైల్లో కాకుండా విడిగా తాళం వేసిన ఫైల్లో ఉంటుందనీ, తోటివాళ్లకెవరికీ చెప్పరనీ అంది.

నేను "నా వీసా..." అన్నాను.

"దానికీ దీనికీ సంబంధం లేదు. పిటిషన్‌లో ఇది ఎక్కడా రాదు" అంది. తర్వాత, "విషయం తేలేదాకా ఇంటి నుంచి పనిచెయ్యి. లేదంటే మేనేజర్ గది పక్కన సీటు ఇస్తాం, అటువైపు గాలి వేరే యంత్రం నుంచి వస్తుంది. నీకు ఏది బాగుంటుందో చెప్పు. అది కుదిరితే అంతటితో సరిపోతుందా?"

సరిపోతుంది అనబోయాను. ఎవరైనా ఏమైనా ఇస్తే చాలు అనే అలవాటు. ఒళ్లో ఉన్న చిన్న క్యాలెండర్ చూసుకున్నాను.

"ప్రస్తుతానికి సీటు మారతాను. కానీ ఆ సీటులో రేపు ఇంకొకరిని కూర్చోబెడతారు. పొగ ఎక్కడి నుంచి వస్తోందో చూడండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ రాసుకుంది. భవనం యజమానుల తరఫు ఇంజనీర్‌కి చెప్తాననీ, ఎవరు అడిగారో చెప్పకుండా నా పట్టిక మాత్రం పంపుతాననీ అంది. చూపించడానికి నేనే రానా అని నేనే అడిగాను.

ఇంజనీర్ అరవై దాటిన పెద్దాయన. నడుముకి తాళాల గుత్తి, చెవి వెనక పెన్సిలు. నా పట్టిక ప్రింటు చేసి మడిచి జేబులో పెట్టుకుని వచ్చారు.

"ఈ ఉష్ణోగ్రతలు వేసింది నువ్వేనా? ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇంత మంచి కంప్లైంట్ నేను చూడలేదు" అన్నారు. "కంప్యూటర్లున్న హాలు చలికాలంలో కూడా వేడెక్కుతుంది. బయట గాలి చల్లగా ఉంటే ఏసీ ఎందుకు తిప్పడం? యంత్రం బయటి తలుపు బార్లా తెరిచి ఆ గాలినే లోపలికి తీసుకుంటుంది. వేడిగా ఉన్న రోజు కొంచెమే తెరుచుకుంటుంది. నీ పొగ రాలేదు తల్లీ, దాన్ని మేమే పీల్చుకున్నాం. పద, ఆ తలుపు చూపిస్తా."

భవనం వెనక్కి వెళ్లాం. ఉద్యోగంలో చేరిన ఆరు నెలల్లో నేనెప్పుడూ అటు వెళ్లలేదు. అక్కడ మనుషులు తిరిగే దారి లేదు. పొద పక్కగా దూరితే, గోడలో నేలకి నడుమెత్తులో, నా డైనింగ్ టేబులంత ఇనప జాలీ. ఆ రోజు నలభై ఏడు డిగ్రీలు. జాలీకి ఒక ఎండాకు అతుక్కుని వణుకుతోంది. గాలి లేదు. పొదలో ఒక్క కొమ్మా కదలడం లేదు. అయినా ఆ ఆకు కింద పడటం లేదు. ఇంజనీర్ దాన్ని తీసి నా చేతికిచ్చి, జాలీ ముందు వదలమన్నారు. వదిలాను. టక్కున వెళ్లి అతుక్కుంది. ఆ గోడ ఊపిరి పీలుస్తోంది. ఇన్ని వారాలుగా నా కోసం పీలుస్తోంది.

"ఇక్కడి నుంచి మొట్టమొదటి గొట్టం నీ సీటు మీదే తెరుచుకుంటుంది. ముందుకి వెళ్లేకొద్దీ పల్చబడిపోతుంది. అందుకే ఇంకెవరికీ తెలియలేదు. ఫిల్టరు దుమ్మునైతే ఆపుతుంది గానీ వాసనని పెద్దగా ఆపలేదు" అన్నారు.

జాలీ కింద సిమెంటు గట్టు మీద ఒక పేపర్ కాఫీ కప్పు. అందులో సిగరెట్ పీకలు. ఎంతో పొందికగా ఆర్పినవి, ఒక్కటి కూడా కింద పడలేదు. ఆయన కప్పు పక్కకి వంగి వేలితో ఏదో తీశారు.

"ఇవేంటి? పుట్టినరోజు కేకు మీద చల్లే రంగు గింజల్లా ఉన్నాయే."

గులాబీ, ఆకుపచ్చ, తెలుపు. చీమలు ఒక ఆకుపచ్చ గింజని లాక్కుపోతున్నాయి.

"నాకు తెలీదు" అన్నాను. ఆ రాత్రి డైరీలో ఆ అబద్ధం కింద గీత గీసుకున్నాను.

ఆయన ఎవరని అడగలేదు. బోర్డు పెడతాననీ, పొద నరికించి అది అందరికీ కనబడే చోటుగా చేస్తాననీ, ఆగకపోతే కెమెరా పెట్టిస్తాననీ అన్నారు.

ఆ సాయంత్రం అన్న కారెక్కాను. స్టీలు డబ్బా తీసి మూత తిప్పారు. చెయ్యి చాపాను. సోంపు అరచేతిలో పడింది. నేను నోట్లో వేసుకోలేదు. పొద్దున టీమంతా వీడియోలో కలిసే స్టాండప్ మీటింగ్ పదిన్నరకి అయిపోతుంది. అది అవగానే ఈయన తెర మీద ఎప్పుడూ ముందుగా మాయమయ్యే మనిషి. అంత దగ్గర లెక్క నేను ఇన్నాళ్లూ ఎందుకు వెయ్యలేదో. వెయ్యకూడదనుకున్నానేమో.

రెండు సిగ్నళ్లు దాటాయి. లెటర్ రాయడం సులువు, అందులో ఎదుటి మనిషి ముఖం ఉండదు.

"అన్నా" అన్నాను. "బిల్డింగ్ వెనక జాలీ ఉంది కదా. అది నా సీటు మీద తెరుచుకుంటుంది."

నేను అరచెయ్యి చాపే ఉంచాను, చెమటకి రంగులు అంటుకుని గులాబీ గీతలు పడ్డాయి. ఆయన ఒకసారి దాన్ని చూసి రోడ్డు వైపు తిరిగారు. తర్వాత ఒక కిరాణా దుకాణం పార్కింగ్‌లోకి తిప్పి, కారు ఆపి, నాలుగు కిటికీలూ దించారు. చలి లోపలికి వచ్చింది.

"గాలి పైకి పోతుందనుకున్నానమ్మా" అన్నారు. "బయటే కదా, ఆకాశంలో కలిసిపోతుందనుకున్నా."

"షెల్టర్ ఉంది కదన్నా."

"షెల్టరా? మనవాళ్లు మీటింగ్ అయ్యాక వాకింగ్ వెళ్లేది దాని ముందు నుంచే. సాయంత్రానికల్లా మీ వదినకి వాట్సాప్ వెళ్లిపోద్ది." కాసేపు స్టీరింగ్ గోకారు. "మానేశానని చెప్పాను. రెండేళ్లయింది. నమ్మకపోతే పాప నెత్తి మీద చెయ్యి పెట్టించింది. ఒట్టేశాను. ఆర్నెల్లు ముట్టలేదు. తర్వాత... కాల్చిన ప్రతిసారీ ఇంటికెళ్లి పాప ఒళ్లు పట్టుకు చూస్తా. జ్వరమేమైనా ఉందా అని."

నేను సోంపు మీద గుప్పిట మూశాను.

"ఒట్టు దాని మీద వేస్తే నీకు తగిలిందా" అన్నారు. నవ్వబోయారు, అది దగ్గుగా మారింది. తర్వాత, నన్ను చూడకుండా, చాలా చిన్న గొంతుతో, "ఆ అమ్మాయి కూడా దగ్గేది" అన్నారు.

"ఏ అమ్మాయి?"

"నీ ముందున్న అమ్మాయి. ఒరిస్సా అమ్మాయనుకుంటా. రోజంతా స్కార్ఫ్ ముక్కుకి చుట్టుకుని ఉండేది. చలికి అనుకున్నాను. నేనే ఒకసారి టీ తెచ్చిచ్చాను, దగ్గు తగ్గుతుందని."

వెనక సీట్లో పాప బూస్టర్ కుర్చీ ఖాళీగా ఉంది. ఎందుకో ఇద్దరం ఒకేసారి వెనక్కి చూశాం.

"నా పేరు రాశావా?" అని అడిగారు.

"లేదు. మీదే కాదు, ఎవరి పేరూ రాయలేదు. పొగ ఉండకూడదని రాశాను."

"ఆ వాక్యం..." అని ఆగిపోయారు. ఆ వాక్యాన్ని ఎందుకు తీయించారో, అప్పటికే ఆయన మనసు మూలలో ఏమైనా తట్టిందో, ఆ సిగ్నల్ దగ్గర కారు ఎందుకు ఆగిపోయిందో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. నిజమేదైనా తర్వాత రోజూ అదే కారులో వెళ్లాలి కదా.

వారం రోజుల్లో పొద పోయింది. జాలీ పక్కన, ఇక్కడికి ఇరవై ఐదు అడుగుల లోపు పొగ తాగరాదని బోర్డు పెట్టారు. యంత్రానికి వాసన పట్టే బొగ్గు ఫిల్టరు వేశారు. మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి, 'మొదటి లెటర్‌లో నువ్వు అడుగుతున్నావని నాకు తెలియలేదు, సారీ' అన్నారు. పొరపాటు నాదేననబోయి, ఆపుకుని, థాంక్స్ అన్నాను. నెల రోజులు చూసి, నా పాత సీటుకే తిరిగి వెళతానని చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. అడిగినా ఏం చెప్పేదాన్ని? అక్కడ కూర్చుని చూస్తే తప్ప పోయిందో లేదో తెలియదు.

జనవరిలో ఒక గురువారం, నలభై ఎనిమిది డిగ్రీలు. పదీ నలభైకి పని ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లైట్లు ఆరిపోయాయి. చీకట్లో జాలీ వైపు ముఖం ఎత్తి పీల్చాను. చల్లటి ఇనుము వాసన. అంతే. మీటర్‌లోకి ఊదితే ముల్లు మూడు వందల ఎనభై దాటింది. అయినా చాలాసేపు అలాగే ఉన్నాను. ఏదో రావలసినది రాకపోతే, అది ఇంకెక్కడికి వెళ్లిందా అనిపిస్తుంది.

ప్రింటర్ పక్క కిటికీలోంచి చూస్తే పార్కింగ్ లాట్ చివర గాజు షెల్టర్ కనబడుతుంది. అందులో అన్న నిలబడి ఉన్నారు, నలుగురు అమెరికన్లకి కాస్త దూరంగా, అందరి కార్లకీ ఎదురుగా. వాకింగ్‌కి వెళుతున్న మనవాళ్లు ఇద్దరు నడక తగ్గించి చూశారు. ఆయన పొగ దాచుకోలేదు. నన్ను చూశారనుకుంటాను. చెయ్యి ఊపలేదు, తల తిప్పుకోలేదు. ఆ సాయంత్రం కారులో డబ్బా మూత తీయలేదు.

ఆ ఆదివారం వదిన ఫోన్ చేసింది. ఎప్పుడూ కూర గురించే చేసే మనిషి.

"ఆఫీసులో అందరి ముందూ కాలుస్తున్నారంటగా మీ అన్న?"

"అవును వదినా."

"అడిగితే అంతా చెప్పాడులే. నీ సంగతి కూడా." తిడుతుందనుకుని ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాను. "ఇప్పుడు ఊపిరి బాగా ఆడుతోందా నీకు?"

"ఆడుతోంది వదినా."

ఆవిడ ఇంకేమీ అనలేదు, ఫోనూ పెట్టలేదు. అటు నుంచి ఆవిడ శ్వాస వినిపిస్తోంది. ఆ శ్వాస వెనక, లోపలెక్కడో, పాప ఒకసారి దగ్గింది.

ఇద్దరం మాట్లాడకుండా, మళ్లీ వినిపిస్తుందేమోనని ఆగి ఉన్నాం.